కూర్చుంటే తేడా తెలియదు, నిలబడితే క్లాసులో అందరికంటే పొట్టి: సిట్టింగ్ హైట్ రేషియో 57 అంటే కంగారు పడాలా?

గాజువాక అమ్మ
అందరికీ నమస్కారం. మా పాపకి పదకొండేళ్లు నిండాయి. ఎత్తు 124 సెంటీమీటర్లు. క్లాసులో బెంచీ మీద కూర్చున్నప్పుడు పక్క పిల్లలకీ తనకీ పెద్ద తేడా కనపడదు. ప్రేయర్‌కి నిలబడితే మాత్రం ముందు వరసలో మొదటి పిల్ల. పంజాబీ డ్రెస్ కొంటే టాప్ సరిగ్గా సరిపోతుంది, ప్యాంటు నాలుగు వేళ్లు మడిచి కుట్టించాలి. మా టైలరమ్మే మొదట అంది, "అమ్మా, పాపకి ఒళ్లు పొడుగే, కాళ్లే పొట్టి" అని.

కూర్చున్న ఎత్తుని మొత్తం ఎత్తుతో భాగిస్తే ఒక రేషియో వస్తుందని ఎక్కడో చదివి ఇంట్లోనే కొలిచాను. కూర్చున్న ఎత్తు 71 వచ్చింది. 124తో భాగిస్తే 57.3 శాతం. ఈ వయసుకి 52 దగ్గర ఉండాలట. రాత్రంతా నిద్ర పట్టలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

పెందుర్తి కోచ్
మేడమ్, టెన్షన్ వద్దు. పొద్దున్నే స్కిప్పింగ్, సైకిల్, బార్ పట్టుకుని వేలాడటం చేయించండి. సైకిల్ సీటు కొంచెం ఎత్తు పెడితే కాళ్లు సాగుతాయి. నేను ఇరవై ఏళ్లుగా వాలీబాల్ పిల్లల్ని చూస్తున్నాను.

కొలతబద్ద
కోచ్ గారూ, ఆవిడ అడిగింది కాళ్లు పెంచే దారి కాదు, ఆ అంకెకి అర్థం. వ్యాయామం మంచిదే, కానీ సైకిల్ సీటు ఎత్తితే ఎముక పొడవు పెరగదు.

గాజువాక అమ్మ గారూ, నేను పిల్లల ఎదుగుదల చూసే క్లినిక్‌లో చాలాకాలం కొలతలు తీసినవాణ్ణి. 57 చాలా ఎక్కువ. అంత ఎక్కువ కనిపిస్తే నేను మొదట అనుమానించేది కొలతని. ఎలా కొలిచారో అడుగు అడుగూ చెప్పండి. దేని మీద కూర్చోబెట్టారు? దాని ఎత్తు ఎక్కడ కొలిచారు? వీపు గోడకి ఆనిందా? నిలబడ్డ ఎత్తు అదే రోజు, అదే పూట కొలిచిందేనా?

గాజువాక అమ్మ
ప్లాస్టిక్ స్టూలు. నేల నుంచి దాని ఎత్తు 43. గోడకి ఆనించి కూర్చోబెట్టి, తల మీద స్కేలు పెట్టి గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టాను. గీత 114 దగ్గర ఉంది. అందులోంచి 43 తీసేశాను. ఇప్పుడు గుర్తొస్తోంది, స్టూలు గట్టిగా ఉందంటే దుప్పటి మడిచి వేశాను. అది లెక్కలో తీయలేదు.

కొలతబద్ద
చూశారా, దుప్పటి దగ్గరే పోయింది. మడిచిన దుప్పటి రెండు సెంటీమీటర్లకి తక్కువ ఉండదు. 124 ఎత్తున్న పిల్లకి కూర్చున్న ఎత్తులో ఒక్క సెంటీమీటర్ తప్పితే రేషియో 0.8 మారిపోతుంది. ఈ వయసు పిల్లల్లో మామూలుగా ఒకరికీ ఒకరికీ ఉండే తేడా సగటుకి అటూ ఇటూ ఒకటిన్నర లోపే కాబట్టి, 0.8 అంటే చిన్న తప్పు కాదు.

మళ్లీ ఇలా కొలవండి. ఒంగని, కుంగని చెక్క పెట్టె కావాలి. ప్లాస్టిక్ స్టూలు మధ్యలో దిగుతుంది, అంచు దగ్గర కొలిచిన ఎత్తు పనికిరాదు. పైన ఏమీ వేయకూడదు. పాప పిరుదులు వెనక్కి పూర్తిగా జరిగి గోడకి తగలాలి, భుజాల వెనక ఎముకలు కూడా ఆనాలి. తొడలు నేలకి సమంగా, మోకాళ్లు మూలమట్టంగా, చేతులు తొడల మీద. కాళ్లు గాల్లో వేలాడితే పిల్లలు ముందుకి జారతారు, అప్పుడు కాళ్ల కింద పుస్తకాలు పెట్టండి. చూపు తిన్నగా, గడ్డం పైకెత్తకుండా. గట్టిగా గాలి పీల్చుకోమని, అప్పుడు గీత పెట్టండి. జడ, క్లిప్పు తీసేయండి. మూడుసార్లు కొలిచి, మధ్య విలువ తీసుకోండి.

నిలబడ్డ ఎత్తు కూడా అప్పుడే కొలవండి. పొద్దున లేచినప్పటికంటే సాయంత్రానికి వెన్నెముక డిస్కులు నొక్కుకుపోయి దాదాపు ఒక సెంటీమీటర్ తగ్గుతాం, ఆ తగ్గేది దాదాపు అంతా మొండెంలోనే. ఒకటి పొద్దున, ఇంకొకటి రాత్రి కొలిస్తే రేషియో అబద్ధం చెబుతుంది.

మద్దిలపాలెం 67
మా అక్క కొడుక్కి డాక్టర్ రాసింది 0.95. అందులో పై సగం, కింద సగం అని ఉంది. ఒకటి ఉంటే నార్మల్ అన్నారు. మరి ఇక్కడ 52, 57 ఏమిటి? ఏదో ఒకటి తప్పు అయ్యుండాలి. అదీకాక కాళ్లు పొట్టిగా ఉన్నాయంటే చిన్నప్పుడు పోషణ సరిగ్గా లేదనే అర్థం. పాలు, గుడ్లు పెంచండి.

కొలతబద్ద
రెండూ సరైనవే, కానీ వేరు వేరు కొలతలు. మీ అక్క కొడుక్కి కొలిచింది పొత్తికడుపు కింద ఉండే జఘన ఎముక పై అంచు నుంచి నేల దాకా. అది కింద సగం, మిగిలింది పై సగం. పై సగాన్ని కింద సగంతో భాగిస్తే పుట్టినప్పుడు దాదాపు 1.7 ఉండి, బడి వయసులో ఒకటికి దిగుతుంది. ఇక్కడ అడిగేది మొత్తం ఎత్తులో కూర్చున్న ఎత్తు ఎంత శాతం అని. ఆ ఎముక అంచు ఎక్కడుందో పట్టుకోవడంలో ఇద్దరు కొలిస్తే ఇద్దరికీ తేడా వస్తుంది, పిల్లలు సిగ్గుపడతారు కూడా. కూర్చోబెట్టి కొలవడం తేలిక కాబట్టే నాకు ఇదే ఇష్టం.

ఇంకో మాట. మొత్తం ఎత్తులోంచి కూర్చున్న ఎత్తు తీసేస్తే వచ్చేదాన్ని కాళ్ల పొడవు అంటాం గానీ, అది సరిగ్గా కాలు పొడవు కాదు. మనం కూర్చునేది తుంటి కీలు మీద కాదు, దాని కింద ఉండే కూర్చునే ఎముక మీద. అంటే కాలి పైభాగం కొంత మొండెం లెక్కలో పడిపోతుంది. మొండెం లెక్కలో తల, మెడ కూడా ఉన్నాయి. బొద్దుగా ఉన్న పిల్లల్లో పిరుదుల కండ, కొవ్వు మందం కూడా కూర్చున్న ఎత్తుని పెంచుతుంది. వాళ్లలో రేషియో ఎక్కువ వస్తే వెంటనే కాళ్లు పొట్టి అనలేం.

పోషణ గురించి మీరు చెప్పింది సగం నిజం. చిన్నతనంలో కాళ్లు మొండెం కంటే వేగంగా పెరుగుతాయి, కాబట్టి తిండి చాలకపోతే, జబ్బులు పదే పదే వస్తే దెబ్బ ముందు కాళ్లకే తగులుతుంది. వందల మందిని కొలిచి ఊళ్లని పోల్చేటప్పుడు అది బాగా కనిపిస్తుంది. కానీ ఒక్క పిల్ల రేషియో చూసి వాళ్లమ్మ సరిగ్గా పెట్టలేదు అనడం తప్పు.

గాజువాక అమ్మ
మీరు చెప్పినట్టే ఆదివారం పొద్దున కొలిచాను. మా ఆయన పాత చెక్క పెట్టె దించారు, ఎత్తు సరిగ్గా 40. గీత మూడుసార్లూ 108.4, 108.6, 108.7 దగ్గర పడింది. మధ్యది తీసుకుంటే కూర్చున్న ఎత్తు 68.6. నిలబడ్డ ఎత్తు 124.2.

68.6 ÷ 124.2 × 100 = 55.2

పక్కింటి అమ్మాయి పాప క్లాస్‌మేటే, ఆడుకోవడానికి వస్తే వాళ్లమ్మని అడిగి ఆ పిల్లని కూడా అదే పెట్టె మీద కూర్చోబెట్టాను. ఎత్తు 142, కూర్చున్న ఎత్తు 73.8, రేషియో 52. అంటే పెట్టె తప్పు కాదు కదా?

కొలతబద్ద
భలే పని చేశారు. అదే పెట్టె, అదే గోడ, అదే చేయి, ఇంకో పిల్ల. ఒక్క పిల్లతో పోలిస్తే ఏదీ రుజువు కాదు, కానీ ఈ రెండు కొలతలూ పక్కపక్కన పెడితే రేషియో ఒక్కటే చెప్పనిది కనిపిస్తుంది.

ఆ అమ్మాయి కాళ్లు 68.2, మీ పాపవి 55.6. ఇద్దరి ఎత్తులో తేడా 17.8. అందులో మొండెం వాటా 5.2, కాళ్ల వాటా 12.6. పాప మొండెం కూడా కొంచెం చిన్నదే, కానీ లోటులో మూడింట రెండు వంతులకి పైగా కాళ్లలో ఉంది. బెంచీ మీద తేడా తెలియక, ప్రేయర్‌లో తెలియడానికి కారణం ఇదే. మీ టైలరమ్మ కన్ను మంచిది.

రేషియో ఎక్కువ అంటే కాళ్లు పొట్టి కావచ్చు, మొండెం పొడవు కావచ్చు. తక్కువ అంటే కాళ్లు పొడవు కావచ్చు, లేదా వెన్నెముక కుంగి ఉండొచ్చు. అందుకే రేషియో చూశాక రెండు ముక్కల్నీ విడివిడిగా వయసుతో పోల్చాలి.

ఇంకొకటి కూడా మనసులో పెట్టుకోండి. పొట్టిగా ఉన్న పిల్లల్లో, ఏ జబ్బూ లేకపోయినా, రేషియో సగటు కంటే కొంచెం పైనే ఉంటుంది. కాబట్టి 55.2 అనగానే జబ్బు అని కాదు. కానీ ఊరుకోదగ్గ అంకె కూడా కాదు. మూడు విషయాలు చెప్పండి. పాప బార ఎంత? గోడకి వీపు ఆనించి చేతులు రెండు పక్కలకీ చాపితే ఒక మధ్యవేలి కొస నుంచి ఇంకో మధ్యవేలి కొస దాకా. ముంజేతులు పొట్టిగా అనిపిస్తాయా? మీ ఇంట్లో ఎవరికైనా మణికట్టు వెనక ఎముక పొడుచుకుని ఉంటుందా?

పెందుర్తి కోచ్
నా మొదటి పోస్ట్ తొందరపాటు, ఒప్పుకుంటున్నాను. ఇది చదివి మా పెద్దోణ్ణి కూడా కొలిచాను. పదమూడున్నర ఏళ్లు, 161 ఎత్తు, కూర్చుంటే 81. అంటే 50.3. వీడిది ఉల్టా. ఆరు నెలల్లో రెండు ప్యాంట్లు పొట్టి అయిపోయాయి, చొక్కాలు మాత్రం అవే. కొంగ కాళ్లు వచ్చేశాయి. ఇదేమైనా జబ్బా?

కొలతబద్ద
ఆ వయసులో అది పెరుగుదల వరస. ఈడు వచ్చే ముందు, వస్తున్నప్పుడు కాళ్లు ముందు పరుగెడతాయి, మొండెం కొన్ని నెలలు వెనక వస్తుంది. పుట్టినప్పుడు శరీరంలో మూడింట రెండు వంతులు తలా మొండెమే. అక్కడి నుంచి రేషియో తగ్గుతూ వచ్చి, ఆడపిల్లల్లో పన్నెండు దగ్గర, మగపిల్లల్లో పద్నాలుగు దగ్గర అడుగుకి చేరి, తర్వాత కాస్త పైకి లేస్తుంది. మీవాడు ఇప్పుడు ఆ అడుగు దగ్గర ఉన్నాడు. ఏడాది తర్వాత చొక్కాలు కూడా పొట్టి అవుతాయి. ఆ వరస రాకుండా, గొంతు మారకుండా, కాళ్లు మాత్రమే పెరుగుతూ పోతే అప్పుడు చూపించండి. ఈడు బాగా ఆలస్యమైనవాళ్లలో ఎముక చివరల పెరిగే పొర మూసుకోవడం ఆలస్యమై కాళ్లు పొడవుగా సాగుతాయి.

సీతమ్మధార శారద
నా అనుభవం చెబుతాను, ఎవరికైనా ఉపయోగపడొచ్చు. పదిహేనేళ్లప్పుడు నా రేషియో 48.5. పొడుగు కాళ్లు, పొడుగు వేళ్లు చూసి ఒకచోట మార్ఫాన్, అంటే గుండె రక్తనాళాల్ని కూడా దెబ్బతీసే పుట్టుజబ్బు, అని అనుమానించి గుండె స్కాన్ రాశారు. ఇంట్లో అందరం హడలిపోయాం. స్కాన్ బాగానే ఉంది. తర్వాత ఇంకో డాక్టరమ్మ నన్ను ముందుకి వంగమంది. వీపు కుడి పక్క ఉబ్బెత్తుగా లేచింది. ఎక్స్‌రే తీస్తే వెన్నెముక ఎస్ ఆకారంలో వంకర తిరిగి ఉంది. నా కాళ్లు పొడవు కావు, వీపే వంకరలో దాచుకుపోయింది. అన్ని కొలతలు తీసినవాళ్లలో ఒక్కరూ ముందు వంగమని అడగలేదన్నదే నా బాధ.

కొలతబద్ద
శారద గారూ, మీ బాధ న్యాయమైనది. రేషియో తక్కువ వస్తే వీపు చూడకుండా కాళ్ల గురించి మాట్లాడకూడదు. కానీ ఆ గుండె స్కాన్ వృథా అనుకోకండి. మార్ఫాన్‌లో కూడా వెన్నెముక వంకర వస్తుంది, కాబట్టి ఒకటి దొరికిందని రెండోదాన్ని వదిలేయలేరు.

గాజువాక అమ్మ
పాప బార 118. మూడుసార్లు కొలిచాను.

ముంజేతుల సంగతి మీరు అడిగాక చూశాను. మోచేతి నుంచి మణికట్టు దాకా కురచగానే ఉంది, ఇన్నాళ్లూ గమనించలేదు. ఇక మీ మూడో ప్రశ్న చదివినప్పటి నుంచి నా చేతినే చూసుకుంటున్నాను. నా రెండు మణికట్ల వెనకా, చిటికెనవేలి వైపు ఎముక గుండులా లేచి ఉంటుంది. గాజులు ఎక్కించేటప్పుడు అక్కడే ఆగిపోతాయి. గాజుల షాపులో ఎప్పుడూ పెద్ద సైజు తీసుకుంటాను. అరచేయి పూర్తిగా వెనక్కి వంచలేను. పిండి పిసికితే నొప్పి. నా ఎత్తు 146. మా అమ్మకీ అంతే, ఆ ఎముకతో సహా. మా వంశంలో చేతులు ఇంతే అనుకున్నాం.

రెండేళ్ల క్రితం ఒకచోట చూపిస్తే "తల్లి పొట్టి, కూతురు పొట్టి, ఇందులో ఏముంది" అని రెండు నిమిషాల్లో పంపేశారు. నన్ను నిలబెట్టి కొలిచారు గానీ నా చేతులు ఎవరూ చూడలేదు.

కొలతబద్ద
అమ్మా, మీ గాజుల మాట దగ్గర నేను ఆగిపోయాను.

118ని 124.2తో భాగిస్తే 95 శాతం. మామూలుగా ఈ వయసులో బార, ఎత్తు దాదాపు సమానం. పాపకి కాళ్లూ చేతులూ రెండూ మొండెం కంటే వెనకబడ్డాయి, ముంజేయి కురచ, పైగా తల్లికీ అమ్మమ్మకీ మణికట్టు తేడా. ఈ నాలుగూ కలిస్తే నాకు గుర్తొచ్చేది షాక్స్ అనే జీన్ లోపం. ఆ జీన్ ఎక్స్, వై క్రోమోజోములు రెండింటి కొసలోనూ ఉంటుంది, కాళ్ల పిక్క ఎముకలు, ముంజేతి ఎముకలు పెరగడానికి కావాలి. రెండు కాపీల్లో ఒకటి పనిచేయకపోతే ఆ ఎముకలే ఎక్కువ వెనకబడతాయి, మొండెం చాలావరకు నిలబడుతుంది. అందుకే రేషియో పెరుగుతుంది. మణికట్టు తేడా ఎక్కువగా ఈడు వచ్చే వయసులో బయటపడుతుంది, ఆడవాళ్లలో ఎక్కువ స్పష్టంగా ఉంటుంది. పాప మణికట్టు ఇప్పుడు బాగానే ఉన్నట్టు కనిపించినా అది ఏమీ కొట్టేయదు.

ఎవరికి జీన్ టెస్ట్ చేయాలో తేల్చడానికి 2007లో జర్మనీ పరిశోధకులు ఒక మార్కుల పట్టిక ఇచ్చారు. అందులో రేషియో 55.5 దాటితే మార్కులు, బార 96.5 శాతం కంటే తక్కువ ఉంటే మార్కులు, ముంజేయి కురచకి, వంపుకి వేరేగా మార్కులు ఉన్నాయి. పాప 55.2 ఆ గీతకి కాస్త కిందే ఉంది. మార్కు పోతుంది, అనుమానం పోదు. ఇంట్లో టేపుతో కొలిచిన దాంట్లో 0.3 అంటే నాలుగు మిల్లీమీటర్లు కూడా లేని తేడా.

డాక్టర్‌తో రెండు అడగండి. ఒకటి, ఎముక వయసు కోసం ఎడమ చేతి ఎక్స్‌రే తీసి ఉంటే దాన్నే మళ్లీ చూడమనండి. వయసు చూసేవాళ్లు వేళ్ల ఎముకలు చూసి పక్కన పెడతారు. ఈసారి ముంజేతి రెండు ఎముకలు మణికట్టుని కలిసే చోటు చూడాలి, అక్కడ వాలు ఎక్కువై మణికట్టు చిన్న ఎముకలు మధ్యలో కోణంగా కూరుకుపోయాయా అని. రెండు, క్రోమోజోమ్ టెస్ట్. కారణం తెలియని పొట్టి ఆడపిల్లకి టర్నర్, అంటే ఒక ఎక్స్ క్రోమోజోమ్ పూర్తిగానో కొంతో లేకపోవడం, లేదని తేల్చుకోకుండా వదలకూడదు. టర్నర్‌లో కూడా ఇదే జీన్ కాపీ ఒకటి పోతుంది కాబట్టి రేషియో ఇలాగే పెరుగుతుంది. మీ మణికట్టు కథ వల్ల అది తక్కువ అవకాశం, కానీ చూడాల్సిందే.

ఆలస్యం చేయకండి. షాక్స్ లోపం అని తేలితే గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు ఒక దారి, కానీ అవి ఎముక చివరలు మూసుకునే లోపే పనిచేస్తాయి. పదకొండు అంటే ఇంకా సమయం ఉంది, కానీ చాలా లేదు.

అరకు దారి
నేను ఆంధ్రా యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ చదివాను, ఏజెన్సీ ఊళ్లలో ఆంత్రోపోమీటర్ మోసుకుని తిరిగాను. ఇక్కడ చెప్పిన 52, 55.5 ఎవరి పిల్లల మీద తీసినవి? యూరప్ వాళ్లవి. ఆస్ట్రేలియా ఆదివాసుల్లో పెద్దవాళ్ల రేషియో 48 దగ్గర ఉంటుంది, తూర్పు ఆసియా వాళ్లది 53, 54. మన దగ్గర కూడా ఒక్కో జనంలో తేడా ఉంటుంది. వేరే దేశం గీత మన పిల్ల మీద గీయడం నాకు నచ్చదు.

కొలతబద్ద
మీ అభ్యంతరం సబబే, 52.5కీ 53.5కీ మధ్య పోట్లాటలో నేను మీ పక్షమే. కానీ ఇక్కడ పక్కింటి పిల్ల 52, ఈ పిల్ల 55.2, బార కూడా తక్కువ, తల్లి మణికట్టు. ఏ దేశం గీత వాడినా ఈ పిల్లని పంపించేయలేం.

అరకు దారి
ఈ పిల్ల విషయంలో ఒప్పుకుంటాను. మణికట్టు తేడా లేని పిల్ల 54.5తో వస్తే ఏం చేస్తారన్నది నా ప్రశ్న. దానికి మీరు జవాబు చెప్పలేదు.

కొలతబద్ద
చెప్పలేదు. అలాంటి పిల్లని ఆరు నెలల తర్వాత మళ్లీ కూర్చోబెట్టి కొలుస్తాను, తల్లిదండ్రులిద్దరినీ కూడా అదే పెట్టె మీద కొలుస్తాను. అంతకు మించి నా దగ్గర లేదు.

గాజువాక అమ్మ
ఈ వారం పిల్లల హార్మోన్ డాక్టర్‌కి చూపించాం. కొలతల కాగితం, మా అమ్మ చేతుల ఫోటో కూడా తీసుకెళ్లాను. వాళ్ల స్టాండ్ మీద రేషియో 55.4 వచ్చింది. పాత ఎక్స్‌రే లైటు మీద పెట్టి చాలాసేపు చూశారు. ముంజేతి ఎముక చివర కొంచెం వాలు ఉన్నట్టే ఉంది, ఇంకా తొందరపడి చెప్పలేం అన్నారు. క్రోమోజోమ్ టెస్ట్‌కీ జీన్ టెస్ట్‌కీ రక్తం పంపారు. నాది కూడా తీసుకున్నారు.

ఇంటికొచ్చాక చిన్నోణ్ణి కూడా పెట్టె మీద కూర్చోబెట్టాను, ఆరేళ్లు. ఎత్తు 112, కూర్చుంటే 61.2. 54.6 వచ్చింది. అక్క అంకెకి దగ్గరగా ఉంది. వాడికి కూడానా?

కొలతబద్ద
ఆరేళ్లకి 54 చుట్టుపక్కల ఉండటం మామూలే, అక్క అంకెతో పోల్చకండి. ఇద్దరి వయసులు వేరు. మీ రిపోర్ట్‌లో తేడా తేలితే వాడికి వచ్చే అవకాశం సగానికి సగం, అప్పుడు వాడి రక్తం కూడా చూస్తారు. ఈలోగా వాడి బార కొలిచి, తేదీ వేసి, ఆ పెట్టె పక్కనే గోడ మీద రాసి పెట్టండి. పెట్టె మాత్రం పారేయకండి.

గాజువాక అమ్మ
బార 111 వచ్చింది. రాశాను. రిపోర్ట్ రావడానికి నెల పడుతుందట, రాగానే ఇక్కడే పెడతాను.